పసరు పోయాలా, డాక్టర్ని పిలవాలా? గేదెకి జబ్బు చేస్తే ఎలా తేల్చుకోవాలి

పశువుకి ఒంట్లో బాగోలేదని తెలిసిన పది నిమిషాల్లో మన చావిడి దగ్గర కనీసం నలుగురు చేరతారు. ఒకరు కలబంద అంటారు, ఇంకొకరు మిరియాల కషాయం అంటారు, పెద్దాయనెవరో వాత పెట్టమంటాడు, పక్కింటి కుర్రాడు ఫోన్లో వీడియో చూపించి ఇది పొయ్యి అన్నా అంటాడు. వీటిల్లో కొన్ని నిజంగా పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు గానీ హాని కూడా చెయ్యవు, కొన్నయితే డాక్టరు రావాల్సిన టైముని మింగేస్తాయి. ఏది ఏంటో ముందే తేల్చుకుని పెట్టుకోకపోతే ఆ నలుగురి మధ్యలో నిలబడి ఆలోచించడం అవ్వదు. మాకు ఎనిమిది గేదెలున్నాయి, పల్నాడు వైపు, పదిహేనేళ్ళుగా పాలు పోస్తున్నాం, నేను రెండు వైపులా తప్పులు చేశాను కాబట్టి రాస్తున్నా.

తెలంగాణ వాళ్ళు గేదె అన్నచోట బర్రె అని చదువుకోండి, ఆవుకి కూడా దాదాపు ఇవే మాటలు వర్తిస్తాయి.

ముందు మూడు ప్రశ్నలు

నాటు మందు మంచిదా ఇంగ్లీషు మందు మంచిదా అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎటూ తేలదు. నేను వేసుకునే మొదటి ప్రశ్న వేరే: ఈ జబ్బు నాకు ఎంత టైం ఇస్తుంది? గాయంలో పురుగులు పడితే ఒకటి రెండు రోజులు ఇస్తుంది. పొదుగువాపు మామూలుదైతే ఒక రోజు చూడొచ్చు. కడుపుబ్బరం గంటల్లో లెక్క. గొంతువాపు ఒక్కోసారి ఒక్క రోజు కూడా ఇవ్వదు. మందు పనిచేస్తుందో లేదో తెలియడానికి పట్టే టైం, జబ్బు ఇచ్చే టైం కంటే ఎక్కువైతే ఆ మందు ఎంత మంచిదైనా మనకి పనికిరాదు.

రెండోది, పైన రాసేదా, లోపలికి పోసేదా. రాసే మందు పనిచేయకపోతే పెద్దగా పోయేది లేదు, కడిగేస్తే సరి. గొట్టంతో పోసేది అలా కాదు. పశువు సరిగ్గా మింగలేని స్థితిలో ఉంటే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పుడు అసలు జబ్బు తగ్గినా న్యుమోనియాతో పోతుంది. మన ఊళ్ళల్లో దీనివల్ల పోయిన పశువులని ఎవరూ లెక్కలో వెయ్యరు, ఆ జబ్బుతోనే పోయింది అనుకుంటారు.

మూడోది, పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం ఏంటి. మా తాత వాడాడు, తగ్గింది అనేది ఆధారమే కానీ సగం ఆధారం, ఎందుకంటే చాలా జబ్బులు ఏం చెయ్యకపోయినా తగ్గుతాయి. మందు వేసినవాటినీ వెయ్యనివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలిసేది. నాటు మందుల్లో అంత దాకా వెళ్ళినవి తక్కువ. కానీ కొన్నిటికి పనిచేసే కారణం తెలుసు, అది కూడా ఆధారం కిందే లెక్క.

| సమస్య | జబ్బు ఇచ్చే టైం | నాటు మందు | నా నిర్ణయం |
|---|---|---|---|
| గాయంలో పురుగులు | 1-2 రోజులు | సీతాఫలం ఆకు, కర్పూరం-కొబ్బరినూనె | ముందు ఇదే |
| మామూలు పొదుగువాపు, జ్వరం లేదు | ఒక రోజు | కలబంద-పసుపు-సున్నం | ఇది చేస్తూ డాక్టర్ని ఎప్పుడు పిలవాలో గీత పెట్టుకోవాలి |
| కడుపుబ్బరం, పచ్చిమేత నురగది | కొన్ని గంటలు | మంచినూనె | ముందు ఫోను, ఆ తర్వాత నూనె |
| మాయ పడకపోవడం | 12-24 గంటలు | ముల్లంగి, వెదురాకు | పెట్టొచ్చు, నమ్ముకోవద్దు |
| పాలజ్వరం | గంటలు | ఏదీ లేదు | డాక్టరే |
| గొంతువాపు | గంటలు | ఏదీ లేదు | డాక్టరే, అసలు టీకానే |
| జొన్న నాము | నిమిషాలు | ఏదీ లేదు | డాక్టరే |

పట్టికలో అంతా శుభ్రంగా కనిపిస్తుంది గానీ చావిట్లో అలా ఉండదు, కాబట్టి ఒక్కోటీ చెప్తా.

పురుగులు పడ్డ గాయం: ఇక్కడ నాటు మందుదే పైచెయ్యి

కొమ్ము విరిగిన చోట, దూడ బొడ్డు దగ్గర, గాలికుంటు వచ్చి తగ్గాక గిట్టల మధ్యలో ఈగలు గుడ్లు పెడతాయి, రెండో రోజుకి పురుగులు. మన రైతులు చాలామంది చేసే పని ఏంటంటే పొలంలోకి తెచ్చిన గుళికల మందు ఒక చిటికెడు తీసి గాయంలో వేసేస్తారు. పురుగులు చస్తాయి నిజమే. కానీ ఆ మందు గాయంలోంచి రక్తంలోకి వెళ్ళి పశువుకి నోట్లోంచి చొంగ కారడం, ఒళ్ళు వణకడం, ఊపిరి ఆడకపోవడం మొదలవుతుంది. చిన్న దూడయితే పోతుంది కూడా. కాబట్టి ఇక్కడ మన ముందున్న పోటీ సీతాఫలం ఆకుకీ డాక్టరుకీ మధ్య కాదు, సీతాఫలం ఆకుకీ గుళికలకీ మధ్య, ఆ పోటీలో ఆకే గెలుస్తుంది.

ఊరికే నమ్మకంతో అనట్లేదు, సీతాఫలం ఆకుల్లో గింజల్లో పురుగుల్ని చంపే పదార్థాలు ఉన్నాయని ల్యాబుల్లో బాగా తేలిన విషయం. పాతకాలంలో తలలో పేలకి గింజల పొడి రాసేవాళ్ళు కదా, అదే. గింజల పొడి మాత్రం కంట్లో పడితే కనుగుడ్డు దెబ్బతింటుంది, అందుకే కంటి దగ్గర గాయానికి గింజలు అస్సలు వద్దు. నేను అయితే ఆకు ముద్దనే వాడతా.

పద్ధతి: గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించి కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగండి. కర్పూరం పొడి చేసి కొబ్బరినూనెలో కలిపి ఆ నూనెలో ముంచిన దూదిని పుండులోకి దోపి పది పదిహేను నిమిషాలు ఆగండి. ఊపిరి ఆడక పురుగులు పైకొస్తాయి, చిమ్టాతో ఒక్కొక్కటే తియ్యాలి. ఓపిక ఉండాలి, లోపల ఒక్క చిన్న సందు ఉంటే అందులో ఇంకో ఇరవై ఉంటాయి. అయిపోయాక సీతాఫలం ఆకు ముద్ద లోపల పెట్టి చుట్టూ వేపనూనె రాస్తే మళ్ళీ ఈగ వాలదు. రెండో రోజు మళ్ళీ విప్పి చూడాలి, ఒక్కసారితో అయిపోయిందనుకుంటేనే మళ్ళీ పడతాయి.

ఆగాల్సిన గీత: పుండు ఎముక దాకా, కంటి దాకా, దూడ బొడ్డు లోపలికి పోయుంటే, లేదా పశువు మేత మానేస్తే, రెండు రోజులు తీసినా కొత్తవి వస్తుంటే డాక్టరు దగ్గరికే.

పొదుగువాపు: ఎక్కువ ఆధారం ఉన్నది, ఎక్కువ మోసం చేసేదీ

కలబంద, పసుపు, సున్నం. ఈ మందు ఇప్పుడు ఊరి మందు మాత్రమే కాదు, ఆనంద్‌లో ఉన్న నేషనల్ డైరీ డెవలప్‌మెంట్ బోర్డు, బెంగళూరు ట్రాన్స్‌డిసిప్లినరీ యూనివర్సిటీతో కలిసి దేశమంతా పాల సంఘాల్లో చెప్తున్న మందు. కొలతలు ఇవి: కలబంద మట్ట 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు, మూడూ కలిపి రుబ్బితే ఎర్రగా కుంకుమలాగా మారుతుంది. పసుపులో సున్నం పడితే అంతే కదా, ఎర్రబడకపోతే సున్నం చచ్చుబడిందని అర్థం. ఆ ముద్దలోంచి గుప్పెడు తీసుకుని 150-200 మిల్లీలీటర్ల నీళ్ళలో పలచగా కలిపి, పొదుగులో పాలు పూర్తిగా పిండేసి కడిగాక పొదుగంతా రాయాలి. రోజుకి ఎనిమిది పది సార్లు, అయిదు రోజులు. ప్రతిరోజూ కొత్త ముద్ద. దీంతో పాటు రోజుకి రెండు నిమ్మకాయలు కోసి తినిపించమంటారు.

రోజుకి పదిసార్లు అన్నదే మనవాళ్ళు వదిలేసే ముక్క. పొద్దునా సాయంత్రం రాసి, పనిచెయ్యలేదండీ అంటారు.

ఇప్పుడు ఆధారం సంగతి. పొదుగువాపు తెచ్చే క్రిముల్ని పసుపు అణచగలదని ల్యాబుల్లో చూశారు. పాల సంఘాల దగ్గర తగ్గిన పశువుల రికార్డులు చాలా ఉన్నాయి. కానీ ఆ రికార్డుల్లో ఎక్కువవాటికి పక్కన మందు వెయ్యని గేదెలు పోలికకి లేవు, చర్మం మీద రాసింది లోపల పాలగ్రంథి దాకా ఎంత చేరుతుందన్నది కూడా తేలాల్సిన లెక్కే. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది, రోజుకి అన్నిసార్లు పొదుగు ముట్టుకుని పిండి కడుగుతుంటే ఆ పిండటంతోనే సగం చీము, క్రిములు బయటికి పోతున్నాయేమో అని. అయినా సరే, మామూలు పొదుగువాపుకి మొదటి రోజు దీన్ని మొదలుపెట్టడంలో నాకు తప్పు కనిపించదు. చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కిస్తే ఆ ట్యూబు మీద రాసినన్ని రోజులు పాలు పారబొయ్యాలి, దీనికి ఆ బాధ లేదు. అలాగని విరుగుళ్ళున్న పాలు కేంద్రంలో పోసెయ్యమని కాదు, అవి పారబొయ్యాల్సిందే.

మోసం ఎక్కడంటే, పైకి ఒకేలా కనిపించే పొదుగువాపులు లోపల వేరువేరు. మా ఇంట్లో రెండు గేదెల కథ చెప్తా, రెండూ ఒకే వర్షాకాలంలో జరిగినవి.

మొదటిది మూడో ఈత గేదె. పొద్దున్నే నల్లగుడ్డ మీద మొదటి ధార పిండితే కుడి వెనక చన్నులో సన్నని తెల్ల పలుకులు పడ్డాయి. ఈ నల్లగుడ్డ పరీక్ష రోజూ చెయ్యండి, ఖర్చు లేదు. చన్ను కొంచెం గట్టిగా, వెచ్చగా ఉంది, నొప్పికి కాలు విదిలిస్తోంది. థర్మామీటరు పెడితే 101.4, గేదెకి అది జ్వరం కాదు. మేత మామూలే, నెమరు మామూలే. కలబంద ముద్ద మొదలుపెట్టాం, ప్రతి రెండు గంటలకి ఒకసారి, మా ఆవిడా నేనూ వంతులేసుకుని. ఆ సాయంత్రానికి మార్పేం లేదు, కానీ ఎక్కువ కూడా కాలేదు. రెండో రోజు పొద్దున వాపు మెత్తబడింది, పలుకులు సగమయ్యాయి. మూడో రోజు రెండు ధారలు పోయాక పాలు బాగానే వచ్చాయి. అయిదు రోజులూ పూర్తి చేశాం, తగ్గింది కదా అని మూడో రోజు ఆపలేదు.

రెండోది రెండు వారాల తర్వాత. ఈనిన ఆరో రోజు. సాయంత్రం పొదుగు ఒకవైపు బిగిసింది, మొన్న తగ్గింది కదా అన్న ధైర్యంతో అదే ముద్ద రాశా. రాత్రి తొమ్మిదికి మేత ముట్టలేదు. థర్మామీటరు పెట్టాలన్న ఆలోచన రాలేదు, అదే తప్పు. పొద్దున అయిదింటికి చూస్తే జ్వరం 105, ఆ చన్ను పట్టుకుంటే వేడిగా ఉండాల్సింది పోయి చల్లగా, నీలం తిరిగి ఉంది, పిండితే పాలు కాదు, ఎర్రటి నీళ్ళు. డాక్టరు గారు వచ్చి నరానికి మందులు సెలైన్లు ఎక్కించారు, గేదె బతికింది, ఆ చన్ను మాత్రం కుళ్ళి ఊడిపోయింది. "సాయంత్రమే పిలిస్తే చన్ను దక్కేదాండీ?" అని అడిగా. "దక్కేదో లేదో చెప్పలేనయ్యా, కానీ మీరు తొమ్మిదింటికి మేత మానేసిందని చూసి కూడా పడుకున్నారు" అన్నారు. ఏం మాట్లాడతాం.

కాబట్టి పొదుగువాపుకి నా గీత ఇది. మేత తింటూ, జ్వరం 103 లోపల ఉంటూ, చన్ను వెచ్చగా ఉంటూ, పాలు పాలలాగే ఉండి పలుకులు మాత్రమే ఉంటే కలబందతో ఒక రోజు చూడొచ్చు. 24 గంటల్లో కొంచెమైనా తగ్గుముఖం లేకపోతే పిలవాలి. జ్వరం 103 దాటడం, మేత మానడం, చన్ను చల్లబడటం, నీళ్ళలాంటి పాలు లేదా రక్తం, వీటిల్లో ఏ ఒక్కటున్నా ఆ ఒక రోజు కూడా లేదు. ముద్ద రాస్తూనే ఉండండి కావాలంటే, ఫోను మాత్రం ముందు. ఇంకోటి, సున్నం కొలత మించితే చర్మం కాలుతుంది, పగిలిన చన్ను మీద మరీ మంట, తన్నేస్తుంది.

కడుపుబ్బరం: నూనె పనిచేస్తుంది, కానీ ఏ ఉబ్బరానికి?

మాగాణిలో పిల్లిపెసరో జనుమో లూసర్నో లేతది, మంచు తడిమీద ఆకలిగా మేస్తే కడుపులో గ్యాసు నురగలాగా పట్టేస్తుంది. సబ్బునురగ లాగా అన్నమాట, త్రేనుపు రూపంలో బయటికి రాలేదు. ఎడమ డొక్క బెలూన్‌లా వెన్నెముకకి సమానంగా లేస్తుంది. దీనికి వేరుశనగ నూనెనో నువ్వుల నూనెనో పెద్ద గేదెకి 250 నుంచి 500 మిల్లీలీటర్లు పోయడం తాతల మందే, పశువైద్య పుస్తకాల్లో ఉన్న మందూ ఇదే, నూనె నురగని విరగ్గొడుతుంది. అల్లం, వాము, ఇంగువ కలుపుతారు, కొంచెం ఉబ్బరానికి మంచిదే, కానీ నురగ మీద పనిచేసేది నూనే. కిరోసిన్ పోసేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి వద్దు.

పోసే విధానం మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. పశువు నిలబడి ఉండాలి. తల నేలకి సమానంగా ఉంటే చాలు, ఆకాశం చూసేలా ఎత్తకూడదు. నాలుక బయటికి లాగి పట్టుకోకూడదు, నాలుక లాగితే మింగలేదు. సీసా మూతి బుగ్గ పక్కనించి పెట్టి ఒక గుక్క పోసి మింగనివ్వాలి, దగ్గితే వెంటనే తల వదిలెయ్యాలి. ముందుకాళ్ళు గట్టు మీద ఎత్తులో ఉండేలా నిలబెట్టి, నోట్లో అడ్డంగా వేపపుల్ల కట్టి నమిలిస్తే లాలాజలం ఊరి త్రేనుపులు వస్తాయి, ఇది మన పాత పద్ధతే, బాగుంటుంది.

నూనె పనిచెయ్యని ఉబ్బరాలు మూడున్నాయి, చిక్కంతా ఇక్కడే.

ఒకటి, గొంతులో అడ్డం పడటం. మామిడికాయో టెంకో, దుంపో మింగి ఇరుక్కుంటే గ్యాసు బయటికి రాక పొట్ట లేస్తుంది. చొంగ కారుతుంది, మెడ చాపి గుటకలు వేస్తుంది, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. దీనికి నూనె పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ఏమీ పొయ్యకూడదు.

రెండు, పెళ్ళి అన్నం. ఫంక్షన్ అయిపోయాక మిగిలిన అన్నం గంపల్లో తెచ్చి గేదె ముందు పోస్తాం. తిన్న పది పన్నెండు గంటలకి కడుపులో పులిసిపోయి నెమరు ఆగుతుంది, డొక్క నొక్కితే గాలి కాకుండా నీళ్ళ సంచిలాగా కదులుతుంది, పులుపు వాసనతో పలచగా పారుకుంటుంది, తూలుతుంది. ఇది గ్యాసు కాదు, లోపల ఆమ్లం. నూనె, అల్లం, వాము దీన్ని ఏం చెయ్యలేవు, సెలైను, సోడా ఉప్పు లెక్క ప్రకారం ఎక్కించాలి. సోడా ఉప్పు ఇంట్లోంచి కొంచెం పట్టించొచ్చా అన్నది డాక్టర్ని ఫోన్లో అడిగి చెప్పినంత పట్టించండి.

మూడు, జొన్న నాము. వానలు ఎగ్గొట్టి ఎండిన జొన్న, కోసేశాక వచ్చిన పిలక, ఇది తిన్న పశువు చేలోనే పడిపోతుంది, పొట్ట కూడా ఉబ్బుతుంది కాబట్టి ఉబ్బరమనుకుంటారు. లోపల తయారయ్యేది సైనైడ్. రొప్పుతుంది, వణుకుతుంది, కన్ను కింద పొర మామూలు కంటే ఎర్రగా కనిపిస్తుంది. విరుగుడు ఇంజక్షను నరానికే ఇవ్వాలి, అది కూడా టైముకి. నూనె కోసం ఇంటికి పరిగెత్తే టైం కూడా లేదు, చేలోంచే ఫోను చెయ్యాలి, మిగతా పశువుల్ని బయటికి తోలాలి.

అందుకే ఉబ్బరానికి నా వరస: ముందు పశువుల అంబులెన్సు నంబరు 1962కి గానీ మీ డాక్టరుకి గానీ ఫోను, ఏం తిందో చెప్పడం, ఆ తర్వాత పచ్చి మేత ఉబ్బరమే అనిపిస్తే, మింగుతోందనిపిస్తే నూనె. అరగంటలో త్రేనుపులు రాకపోయినా, పశువు నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా డాక్టరు వచ్చి డొక్కలో గొట్టం దించాల్సిందే.

మాయ పడకపోతే

దీనికి ఎక్కువ చెప్పను. ఈనిన ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో మాయ దానంతటదే పడుతుంది, ముల్లంగి పెట్టినా వెదురాకు పెట్టినా పడేది ఆ టైములోనే కాబట్టి పేరు ముల్లంగికి వస్తుంది. పెట్టండి, తింటే మేతే కదా. కానీ వేలాడే మాయకి ఇటుకో చెప్పో కట్టడం, చెయ్యి పెట్టి లాగడం మాత్రం వద్దు, గర్భసంచి చిరిగి రక్తం పోతుంది, లేదా సంచే బయటికొస్తుంది. పన్నెండు గంటలు దాటితే డాక్టరుకి చెప్పండి. జ్వరం, దుర్వాసన, మేత మానడం ఉంటే అన్ని గంటలు కూడా ఆగొద్దు.

పాలజ్వరం: పేరే మోసం

ఇది నా సొంత తప్పు. ఎక్కువ పాలిచ్చే గేదె, ఈనిన రెండో రోజు సాయంత్రం కూలబడిపోయింది. మెడ ఒకవైపు పొట్ట మీదికి తిప్పుకుని పడుకుంది, చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, ముట్టె పొడిగా ఉంది. మా వీధి బాబాయ్ వచ్చి "పాలజ్వరం రా, మిరియాలు శొంఠి కషాయం పొయ్యి, వేడి పుట్టి లేస్తుంది" అన్నాడు. జ్వరం అన్నారు కదా అని కషాయం కాచాం. పడుకున్న గేదె తల ఇద్దరం ఎత్తిపట్టి లీటరు దాకా పోశాం. మధ్యలో రెండుసార్లు దగ్గింది. గొంతులో గరగర వినిపించింది, పట్టించుకోలేదు.

పాలజ్వరంలో జ్వరం ఉండదు, ఒళ్ళు మామూలు కంటే చల్లబడుతుంది. ఈనగానే పాలలోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్ళిపోయి రక్తంలో తగ్గిపోవడం అసలు కారణం. కాల్షియం లేకపోతే కండరం పనిచెయ్యదు, అందుకే లేవలేదు, అదే కారణంతో మింగనూ లేదు. అంటే మనం గొట్టం పట్టే ఆ క్షణంలోనే ఆ పశువు గొంతు పనిచెయ్యట్లేదు. డాక్టరు రాత్రి పదింటికి వచ్చి కాల్షియం సీసా నరానికి నెమ్మదిగా, గుండె వింటూ ఎక్కించారు. సీసా అయ్యేసరికి గేదెకి వణుకు పుట్టింది, త్రేన్చింది, పేడ వేసింది, కాసేపటికి లేచి నిలబడింది. మేము చప్పట్లు కొట్టాం. మూడో రోజు నించి ముక్కులోంచి చెడు వాసన, దగ్గు, జ్వరం. నాలుగో రోజు పోయింది. పాలజ్వరం తగ్గింది, కషాయం చంపింది.

కాల్షియం సీసా సొంతంగా కూడా ఎక్కించకండి, వేగంగా ఎక్కితే గుండె ఆగుతుంది. డాక్టరు వచ్చేలోపు మీరు చెయ్యగలిగింది పశువుని పక్కకి వాలిపోకుండా రొమ్ము మీద కూర్చున్నట్టు గడ్డి బస్తాలు ఆనించి పెట్టడం, నోట్లో ఏమీ పొయ్యకపోవడం. అంతే.

గొంతువాపు: ఇక్కడ వాత వద్దు, పసరు వద్దు

తొలకరి పడ్డాక వస్తుంది, గేదెలకి మరీ ఎక్కువ. హఠాత్తుగా జ్వరం, చొంగ, గొంతు కింద వేడిగా వాపు, గురక. ఒక్కోసారి ఒక రోజులోనే పశువు చచ్చిపోతుంది. యాంటీబయాటిక్ కూడా మొదటి గంటల్లో పడితేనే పనిచేస్తుంది. వాపు మీద వాత పెట్టి, పసరు పోసి రేపు చూద్దాం అంటే రేపు ఉండదు. వాచిన గొంతులో పోసే పసరు సంగతి పైన చెప్పిందే. దీనికి అసలు సమాధానం వానలకి ముందు, మే జూన్లలో వేసే టీకా. గొర్రెలవాళ్ళకి చిటుకు రోగం కూడా ఇదే లెక్క, సాయంత్రం బాగున్న పిల్ల పొద్దున్నకి చచ్చి ఉంటుంది, మందు వేసే సందే ఇవ్వదు.

ఎవరికి ఏది

ఇంట్లో ఒకటో రెండో గేదెలు, ఊళ్ళోనే ఆసుపత్రి ఉంటే మీకు నాటు మందు అవసరం తక్కువ, పురుగులకి, మామూలు పొదుగువాపుకి వాడుకోండి, లోపలికి పోసేవాటి జోలికి పోకండి. పది పైన ఉండి పాలు అమ్మేవాళ్ళకి కలబంద ముద్ద డబ్బు పరంగా కలిసొచ్చేదే, కానీ ఏ గేదెకి ఎన్నో రోజు, జ్వరమెంత అని గోడ మీద రాసుకుంటేనే, లేదంటే మూడు రోజులు ఇట్టే జారిపోతాయి. గొర్రెలు తోలుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళకి డాక్టరు దూరం, వాళ్ళు మూలికల మీద ఆధారపడక తప్పదని నాకూ తెలుసు, వాళ్ళకి కర్పూరం నూనె సీసా సంచిలో ఉండాలి, టీకాలు మాత్రం బయలుదేరకముందే అయిపోవాలి.

డాక్టరు వచ్చాక ఏం పోశారో దాచకండి. తిడతారేమో అని మా ఊళ్ళో సగంమంది ఏం పొయ్యలేదండీ అంటారు, గోడ పక్కన ఖాళీ కషాయం గిన్నె కనిపిస్తూనే ఉంటుంది. ఏం పోశారు, ఎంత, ఎన్నింటికి, దగ్గిందా లేదా, ఈ నాలుగూ చెప్తే ఆయన మొదట ఊపిరితిత్తులు వింటారు. ఆ రాత్రి నేను దగ్గిన సంగతి చెప్పలేదు.